రేపు అనకండి: కొట్టు మూసాక ఫోను ఇచ్చే జవాబు గురించి

కొట్టు మూసి ఉన్నప్పుడు ఫోను దానంతటదే జవాబివ్వటం మంచిదే. కానీ ఆ జవాబులో ఏం రాయాలో కొట్టుకి తాళం వేసేవాడు ఆలోచించాలి, యాప్ ఆలోచించదు. ఇందులో కొత్త సంగతేముంది అంటారా? అబిడ్స్‌లో ఏ పది కొట్లకైనా రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఒక మెసేజి పెట్టి చూడండి, వచ్చే జవాబుల్లో ఎన్ని నిజమో మీకే తెలుస్తుంది.

వాట్సాప్ బిజినెస్ అనే ఉచిత యాప్ 2018 జనవరిలో వచ్చింది. చిన్న వ్యాపారాల వాళ్ళ కోసం అందులో రెండు ఆటోమేటిక్ సందేశాలు పెట్టారు. ఒకటి పలకరింపు, Greeting message. రెండోది మనం లేనప్పుడు వెళ్ళేది, Away message. రెండూ Business tools అనే మెనూలోనే ఉంటాయి. పెట్టుకోటానికి రెండు నిమిషాలు పట్టదు. చిక్కంతా అక్కడే ఉంది. రెండు నిమిషాల్లో పెట్టింది రెండేళ్ళ పాటు మన పేరు మీద మాట్లాడుతూనే ఉంటుంది.

అబిడ్స్‌లో మా బాబాయికి దుప్పట్లు, కర్టెన్ల కొట్టు ఉంది. సోమవారం నించి శనివారం దాకా పొద్దున పదిన్నరకి తెరిచి రాత్రి తొమ్మిదికి మూస్తాడు. ఆదివారం సెలవు. ఆదివారం అబిడ్స్ సంగతి హైదరాబాద్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. కొట్ల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుని అమ్ముతుంటారు. బాబాయి కొట్టు ముందు కూడా అంతే.

బాబాయి ఫోనులో Away message పెట్టింది కొట్లో పనిచేసే కుర్రాడు. యాప్‌లో ముందే ఉండే "వీలైనంత త్వరగా జవాబిస్తాం" తరహా మాట వాడికి నచ్చలేదు. కస్టమర్‌కి కచ్చితంగా చెప్పాలనుకుని ఇలా రాశాడు: "మా షాపు ఇప్పుడు మూసి ఉంది. రేపు ఉదయం 10:30 నుండి మేము మీకు అందుబాటులో ఉంటాము." చదవటానికి బాగానే ఉంది కదా. ఆరు నెలల పాటు ఎవరూ ఏమీ అనలేదు.

ఒక శనివారం రాత్రి తొమ్మిదింబావుకి తాండూరు నించి ఒకావిడ మెసేజి పెట్టింది. కూతురి పెళ్ళికి చుట్టాలకి పెట్టటానికి ఇరవై జతల దుప్పట్లు కావాలి, రేపు రావచ్చా అని. ఫోను పై జవాబు పంపింది. ఆవిడ దాన్ని "రావచ్చు" అని అర్థం చేసుకుంది. ఎవరైనా అలాగే అర్థం చేసుకుంటారు. ఆదివారం పొద్దున్నే రైలెక్కి నాంపల్లిలో దిగి, ఎండలో నడుచుకుంటూ అబిడ్స్‌కి వచ్చి చూస్తే కొట్టుకి తాళం, ముందు పుస్తకాల గుట్టలు. ఫోను చేస్తే బాబాయి ఎత్తలేదు. సెలవు రోజు కదా, మధ్యాహ్నం దాకా ఆయన ఫోను ముట్టుకోడు. ఆవిడ ఇంకెక్కడో కొనుక్కుని వెళ్ళిపోయింది. సోమవారం మాత్రం పెద్ద వాయిస్ మెసేజి పెట్టింది. "మీరు రమ్మన్నరని వచ్చిన అన్నా, ఒక దినం కూలి పోయింది, రైలు ఖర్చు పోయింది" అని.

బాబాయి ముందు గొణిగాడు. "నేనెక్కడ రమ్మన్న? ఫోను పంపింది గద."

నా అభిప్రాయం దీనికి సూటిగా వ్యతిరేకం. ఆవిడకి వచ్చిన మాట కొట్టు పేరుతో, కొట్టు నంబరు నించి వచ్చింది. రాసింది ఎవరైనా, పంపింది ఏదైనా అది కొట్టు ఇచ్చిన మాటే. పాతకాలంలో షట్టరుకి చీటీ అంటించేవాళ్ళు, "భోజనానికి వెళ్ళాను, మూడింటికి వస్తాను" అని. ఆ చీటీ ఎందుకు అబద్ధం కాలేదంటే, రాసినవాడికి ఆ రోజు ఏ రోజో తెలుసు, వచ్చాక దాన్ని చించేసేవాడు. యాప్‌లో చీటీ ఒకసారి రాస్తాం, అది ఎప్పుడు వెళ్తుందో మనకి తెలియదు. "రేపు" అన్న మాట ఆదివారం రోజంతా, సోమవారం నించి శుక్రవారం దాకా అయితే రాత్రి తొమ్మిది నించి పన్నెండు లోపల మాత్రమే సరైనది. శనివారం రాత్రి తప్పు. మిగతా రోజుల్లో రాత్రి పన్నెండు దాటాకా తప్పే, మంగళవారం తెల్లవారుజామున ఒంటిగంటకి "రేపు" అంటే బుధవారం అవుతుంది. పండగ ముందు రోజు తప్పు. రోజు పేరు తనంతట తానే నింపుకునే ఖాళీ గడి లాంటిదేదీ అందులో లేదు. రాసిన అక్షరాలు రాసినట్టే వెళ్తాయి.

అంటే షెడ్యూలు సరిగ్గా పెట్టుకుంటే సరిపోదా? అక్కడికే వస్తున్నా.

Away message కి మూడు రకాల షెడ్యూళ్ళు ఉన్నాయి. Always send అంటే ఎప్పుడూ పంపుతూనే ఉంటుంది. Custom schedule లో మొదలయ్యే తేదీ, టైము, ముగిసే తేదీ, టైము ఇస్తాం. Outside of business hours పెడితే మన ప్రొఫైల్లో రాసుకున్న పనివేళలు చూసి, ఆ వేళల బయట వచ్చిన మెసేజిలకి జవాబిస్తుంది. పనివేళలు ముందు నింపకపోతే ఈ మూడోది పనికిరాదు. ఒకసారికి ఈ మూడిట్లో ఒకటే ఎంచుకోగలం.

ఇప్పుడు చూడండి. పనివేళల షెడ్యూలుకి వారం తెలుసు, క్యాలెండరు తెలియదు. ఆదివారం సెలవని చెప్తే వింటుంది గానీ దసరా సెలవని చెప్పటానికి చోటు లేదు. Custom schedule కి క్యాలెండరు తెలుసు, వారం తెలియదు. మొదలు నించి ముగింపు దాకా తెంపు లేకుండా ఒకే గీత, రోజూ రాత్రి మాత్రమే అని దానికి చెప్పలేం. మామూలు కొట్టుకి రెండూ కావాలి. యాప్ ఒకటే ఇస్తుంది.

2025 దసరా తీసుకోండి. అక్టోబర్ 2, గురువారం. బాబాయి ఆ ఒక్క రోజు మూస్తాడు. Custom schedule లో బుధవారం రాత్రి 9 నించి శుక్రవారం పొద్దున 10:30 దాకా పెడితే చక్కగా పనిచేస్తుంది, మధ్యలో రాత్రులు కూడా అందులోనే కలిసిపోతాయి. కానీ శుక్రవారం పదిన్నరకి అది ముగిశాక ఫోను తనంతట తాను పాత పనివేళల పద్ధతికి వెళ్ళదు. మనమే మెనూలోకి వెళ్ళి మళ్ళీ Outside of business hours నొక్కాలి. మర్చిపోతే ఏ హెచ్చరికా రాదు. శుక్రవారం రాత్రి మెసేజి పెట్టినవాళ్ళకి మౌనమే జవాబు. తెలుసుకోవటం ఎలా అంటే ఒకటే దారి: పండగ వెళ్ళిన మొదటి రాత్రి కొట్టు మూసాక ఇంకో నంబరు నించి ఒక మెసేజి పెట్టి చూసుకోవటం. ఆ నంబరు, జవాబు వెళ్ళాల్సిన వాళ్ళ లెక్కలోదై ఉండాలి సుమా, లేకపోతే పరీక్షే తప్పుతుంది.

ఇంకా పెద్ద చిక్కు నుమాయిష్. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బాబాయి ఏటా స్టాలు పెడతాడు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఈ నుమాయిష్ మామూలుగా జనవరి 1 నించి ఫిబ్రవరి 15 దాకా, సాయంత్రం నాలుగు నించి రాత్రి దాకా ఉంటుంది. అబిడ్స్ కొట్టు కూడా తెరిచే ఉంటుంది, కుర్రాడు చూసుకుంటాడు. ఫోను మాత్రం బాబాయితో పాటు మధ్యాహ్నం మూడింటికి నాంపల్లి వెళ్ళిపోతుంది. స్టాల్లో జనం మధ్య ఆయన మెసేజిలు చూడలేడు.

దీనికి Custom schedule పెడదామా? జనవరి 1 సాయంత్రం నాలుగు నించి ఫిబ్రవరి 15 రాత్రి పదకొండు దాకా అంటే తెంపు లేకుండా 45 రోజుల 7 గంటలు. పొద్దున పదకొండింటికి బాబాయి గల్లా దగ్గర ఖాళీగా కూర్చుని ఉన్నా ఫోను "మేము లేము" అనే అంటుంది. పోనీ పనివేళల్నే పదిన్నర నించి మూడు దాకా అని మార్చేద్దామా? మెసేజిల వరకు బాగానే ఉంటుంది. కానీ ఆ పనివేళలు ప్రొఫైల్లో కస్టమర్లకీ కనిపిస్తాయి. మూడు దాటాక ప్రొఫైల్ తెరిచి చూసినవాడికి కొట్టు మూసేశారని ఉంటుంది. కొట్లో కుర్రాడు తొమ్మిది దాకా ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి.

నాకు అసలు లోపం ఇక్కడ కనిపిస్తుంది. కొట్టు తెరిచి ఉండటం వేరు, మెసేజికి జవాబిచ్చే మనిషి ఉండటం వేరు. యాప్ ఈ రెంటికీ ఒకే గడి ఇచ్చింది. ఒకడే మనిషి, ఒకటే కొట్టు, ఒకటే ఫోను అయితే తేడా తెలియదు. మనిషి ఒకచోట, కొట్టు ఇంకోచోట అయిన రోజున రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం చెప్పాల్సి వస్తుంది. ఏది నిజంగా ఉంచాలి అంటే, నా ఓటు కొట్టు వేళలకే. కస్టమరు వాటిని చూసే ఇంట్లోంచి బయల్దేరతాడు. మెసేజికి జవాబు ఆలస్యమైతే విసుక్కుంటాడు అంతే, తాళం చూస్తే రోజు పోతుంది.

మరి నాలుగు నించి తొమ్మిది దాకా జవాబెవరు ఇవ్వాలి? కుర్రాడే. ఒక అకౌంటుకి ఫోను కాక ఇంకో నాలుగు పరికరాలు Linked devices గా కలుపుకోవచ్చు. కొట్లో బిల్లులు వేసే కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరిచి పెట్టాం. ఫోను నాంపల్లిలో ఉన్నా కుర్రాడు అబిడ్స్‌లో కూర్చుని జవాబిస్తాడు. సగం సమస్యకి మందు ఆటోమేటిక్ సందేశంలో లేదు, జవాబిచ్చే మనిషిని మెసేజి దగ్గరికి చేర్చటంలో ఉంది.

నుమాయిష్ సంగతి సందేశంలో రాస్తే తేదీ కూడా రాయాలి. అక్కడ ఇంకో గొడవ. తేదీలు ఎప్పుడూ అవే ఉంటాయని నమ్మకం లేదు. 2022లో జనవరి 1న మొదలై కోవిడ్ వల్ల వెంటనే ఆగిపోయి, మళ్ళీ ఫిబ్రవరి 25న మొదలైంది. 2025లో మన్మోహన్ సింగ్ మరణం తర్వాతి సంతాప దినాల వల్ల జనవరి 3న మొదలైంది. పనివేళల షెడ్యూలు మీద నడిచే సందేశానికి గడువు ఉండదు కాబట్టి "ఫిబ్రవరి 15 దాకా" అని రాసింది మార్చిలోనూ వెళ్తూనే ఉంటుంది. అందుకని బాబాయి ఫోను క్యాలెండర్లో స్టాలు ఎత్తేసే రోజున ఒక అలారం పెట్టాం, "ఆ లైను తీసెయ్" అని. ఇంజనీరింగు చదివి చివరికి అలారం పెట్టటమా అని మా పిన్ని నవ్వింది :)

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ జవాబు ఎక్కడో వాట్సాప్ వాళ్ళ సర్వర్లో కూర్చుని ఎవరో ఇస్తున్నారనుకుంటారు. కాదు. ఫోనుకి ఇంటర్నెట్ ఉంటేనే Away message వెళ్తుందని వాట్సాప్ వాళ్ళే తమ సహాయం పేజీలో రాశారు. రాత్రి ఇంటికెళ్ళి డేటా ఆపేసి పడుకునే అలవాటు ఉన్నవాళ్ళకి, సరిగ్గా ఆ సందేశం అవసరమైన వేళలోనే అది పనిచెయ్యదు. నుమాయిష్ జనంలో సిగ్నల్ ఊగిసలాడినా, బ్యాటరీ అయిపోయినా అంతే. కస్టమరు వైపు నించి దీన్ని గుర్తుపట్టొచ్చు. పెట్టిన మెసేజికి ఒకే టిక్కు ఉండిపోతే అది ఇంకా ఫోనుదాకా చేరలేదు, కాబట్టి జవాబూ రాదు. బాబాయి ఇప్పుడు ఫోను ఛార్జింగులో పెట్టి, వైఫై ఆపకుండా పడుకుంటున్నాడు.

పలకరింపు సందేశం గురించి ఒక్క మాట. అది కొత్తవాళ్ళకి మాత్రమే వెళ్తుందనుకుంటారు. మొదటిసారి మెసేజి పెట్టినవాళ్ళకీ వెళ్తుంది, 14 రోజులుగా మాటల్లేని పాతవాళ్ళు మళ్ళీ రాసినా వెళ్తుంది. దుప్పట్లు పదిహేను రోజులకోసారి కొనే వస్తువు కాదు. అంటే పాతికేళ్ళుగా కొట్టుకి వస్తున్న పెద్దాయన ఎప్పుడు రాసినా ఆయనకి "మా షాపుకి కొత్తగా విచ్చేసిన మీకు స్వాగతం" అని వెళ్తుందన్నమాట. ఆయన ఒకసారి "నన్ను మర్చిపోయిన్రా?" అని అడిగాడు కూడా. ఎవరికి పంపాలి అన్నచోట Everyone not in address book అని పెడితే, నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకి వెళ్ళదు. ఇది పాత కస్టమర్ల నంబర్లు మాత్రమే సేవ్ చేసుకునేవాళ్ళకి పనికొస్తుంది. వచ్చిన ప్రతి నంబరునీ "దుప్పటి 1", "దుప్పటి 2" అని సేవ్ చేసుకునే మా కుర్రాడి లాంటివాళ్ళయితే రెండో మెసేజి నించి కొత్తవాళ్ళు కూడా పాతవాళ్ళే.

Away message కి కూడా ఇదే జాబితా ఉంది. అక్కడ మేము Everyone except... పెట్టి ఇంట్లోవాళ్ళనీ, సరుకు పంపే షోలాపూర్ వ్యాపారినీ మినహాయించాం. రాత్రి పదింటికి "లారీ బయల్దేరింది, పొద్దున్నే దించుకోటానికి మనిషి కావాలి" అని రాసే ఆయనకి "మా షాపు ఇప్పుడు మూసి ఉంది" అని జవాబెళ్తే, బాబాయి చూసుకున్నాడో లేదో ఆయనకి ఎలా తెలుస్తుంది?

"ఇంజనీరువి గద, ఏదన్న ప్రోగ్రాం రాసి పెట్టు, రోజు చూసుకుని మాట్లాడేటట్టు" అన్నాడు బాబాయి. రాయొచ్చు. కంపెనీల కోసం వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫాం అని వేరే ఉంది, మన సర్వరే జవాబిస్తుంది, శనివారం రాత్రి "సోమవారం" అనేలా రాసుకోవచ్చు. కానీ సర్వరు నడపాలి, అది ఆగితే చూసుకోవాలి. కస్టమరు చివరి మెసేజి నించి 24 గంటలు దాటితే మనిష్టం వచ్చింది రాయటానికి లేదు, ముందే అనుమతి తీసుకున్న టెంప్లేటే పంపాలి. రాత్రికి పది మెసేజిలు వచ్చే దుప్పట్ల కొట్టుకి ఇదంతా ఎందుకు? ప్రోగ్రాం రాసేకన్నా వాక్యం సరిగ్గా రాయటం తేలిక.

ఆ వాక్యానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. సందేశంలో ఉన్న ప్రతి మాటా అది ఏ రోజు, ఏ గంటకి వెళ్ళినా నిజమే అయ్యుండాలి. "రేపు", "ఈరోజు", "కాసేపట్లో", "త్వరలో" ఇవన్నీ ఆ పరీక్షలో తప్పుతాయి. వారాల పేర్లు, గంటలు నిలబడతాయి. ఆ లెక్కన ఇప్పుడు బాబాయి ఫోను ఇలా అంటుంది:

"నమస్తే. ఇది ఫోను తనంతట తాను పంపిన జవాబు, మీ మెసేజి ఇంకా ఎవరూ చదవలేదు. కొట్టు సోమవారం నించి శనివారం దాకా, పొద్దున 10:30 నించి రాత్రి 9 వరకు. ఆదివారాలు, పెద్ద పండగలు సెలవు. ఊళ్ళ నించి వచ్చేవాళ్ళు మా మనిషి జవాబిచ్చాకే బయల్దేరండి. కొట్టు తెరిచిన గంటలోపు జవాబిస్తాం."

"ఇంకా ఎవరూ చదవలేదు" అని రాయటానికి బాబాయి మొదట ఒప్పుకోలేదు, మర్యాదగా లేదన్నాడు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. తాండూరు ఆవిడకి ఆ ఒక్క ముక్క తెలిసుంటే రైలెక్కేది కాదు. అలాగే చివరి వాక్యం నిలబెట్టుకోవటం కూడా కొట్టు బాధ్యతే. చాట్ల జాబితా పైపైన చూస్తే చివర మనవైపు నించి వెళ్ళిన మాటే కనిపిస్తుంది కాబట్టి జవాబిచ్చేశాం అనిపిస్తుంది. అందుకని కుర్రాడు పొద్దున తాళం తియ్యగానే కంప్యూటర్ ముందు కూర్చుని రాత్రి వచ్చిన ఒక్కో చాట్ తెరిచి, "జవాబివ్వాలి" అని లేబుల్ తగిలించి, జవాబిచ్చాక తీసేస్తున్నాడు. పదకొండున్నరకి ఆ లేబుల్ కింద ఒక్కటీ మిగలకూడదు. మిగిలిందంటే మనం మళ్ళీ మాట తప్పినట్టే, ఈసారి ఫోను మీదకి నెట్టటానికి కూడా లేదు.